కటౌట్ వెనక తెల్ల డబ్బా ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా అన్నయ్య కూతురు తన పెళ్ళికార్డు తనే తయారు చేసుకుంటానంది. ముదురు మెరూన్ రంగు కార్డు, మధ్యలో నిశ్చితార్థం రోజు తీసిన జంట ఫోటో, చుట్టూ బంగారు రంగు లతలు. ఫోటోలో వెనకున్న ఫంక్షన్ హాలు గోడ, ప్లాస్టిక్ కుర్చీలు తీసేసి మనుషులిద్దర్నీ మాత్రమే ఉంచాలి. రెండు గంటలు కూర్చుని శ్రద్ధగా కత్తిరించింది. వెనకంతా బూడిద, తెలుపు గళ్ళు కనిపించాయి. హమ్మయ్య అనుకుని సేవ్ చేసింది. ఆ ఫైలు తీసుకెళ్ళి కార్డు మీద పెట్టేసరికి జంట వెనక నిలువెత్తు తెల్ల డబ్బా.

"చిన్నాన్నా, గోడ మొత్తం తీసేశాను కదా, మరి ఈ తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని ఫోన్ చేసింది. ఫైలు పేరు చివర ఏముందో చదవమన్నాను. `janta.jpg` అంది.

తను కత్తిరించడంలో ఏ తప్పూ లేదు. సేవ్ చేసిన పద్ధతిలోనే ఉంది చిక్కంతా. ఆ తెలుపు ఎందుకు వచ్చిందో ఒకసారి అర్థమైతే, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఏ ఫోన్‌లో చేసినా ఏ ఫార్మాట్ ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. కాబట్టి ముందు కారణం చూద్దాం, తర్వాత అదే పెళ్ళికార్డు ఫోటోతో పని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం.

నాలుగో అంకె

ఫోటోని బాగా పెద్దది చేసి చూస్తే చిన్న చిన్న చదరాలు కనిపిస్తాయి. అవే పిక్సెల్స్. తెర మీద ప్రతి పిక్సెల్‌కీ మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండొచ్చు. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. ఈ మూడు అంకెలతో ఏ రంగైనా చెప్పొచ్చు గానీ, "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పడం కుదరదు. తెలుపన్నా, నలుపన్నా అదీ ఒక రంగే కదా.

"ఏమీ లేదు" అని రాసుకోవడానికి నాలుగో అంకె కావాలి. దాన్నే ఆల్ఫా అంటారు. ఆల్ఫా 255 అయితే ఆ పిక్సెల్ పూర్తిగా కనిపిస్తుంది. 0 అయితే అసలు కనిపించదు, దాని వెనక ఏముంటే అది కనిపిస్తుంది. మధ్యలో ఏదైనా అయితే పల్చని తెరలా కొంత తనది, కొంత వెనకది కలిసి కనిపిస్తుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు తెర మీద కనిపించే బూడిద గళ్ళు నిజానికి ఫోటోలో ఉండవు. ఆల్ఫా 0 ఉన్నచోట మనకు తెలియడం కోసం సాఫ్ట్‌వేర్ చూపించే గుర్తు అది.

జేపెగ్‌లో ఈ నాలుగో అంకెకి చోటు లేదు. 1992లో ఆ ప్రమాణం ఖరారు చేసినవాళ్ళ దృష్టంతా ఫోటోల మీదే. కెమెరా తీసిన ఫోటోలో ఖాళీ అంటూ ఉండదు, నాలుగు మూలలా ఏదో ఒక రంగు నిండి ఉంటుంది. అందుకని మామూలు జేపెగ్ ఫైలు ప్రతి చోటా వెలుగు ఎంత, రంగు ఏమిటి అన్నవి మాత్రమే దాచుకుంటుంది. "ఇక్కడ ఖాళీ" అన్న సమాచారం ఇచ్చినా పెట్టుకోవడానికి దాని దగ్గర అర లేదు.

మరి మీరు కటౌట్‌ని జేపెగ్‌గా సేవ్ చేయమంటే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఖాళీ చోట్లలో ఏదో ఒక రంగు వేయక తప్పదు. ఆ రంగు ఏదన్నది సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది. ఒకరికి తెల్ల డబ్బా, ఇంకొకరికి నల్ల డబ్బా రావడానికి కారణం అదే.

చాలా సాఫ్ట్‌వేర్లు కటౌట్ కింద ఒక తెల్ల కాగితం పరిచి, రెంటినీ కలిపి ఒకే పొర చేసి సేవ్ చేస్తాయి. దీన్నే ఫ్లాటెన్ చేయడం అంటారు. గింప్‌లో అయితే టూల్‌బాక్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ రంగుగా ఏది ఉంటే అది పరుస్తుంది. మామూలుగా అది తెలుపే ఉంటుంది, మీరు పచ్చ పెట్టుకుని ఉంటే పచ్చ డబ్బా వస్తుంది. బ్రౌజర్లో నడిచే కొన్ని ఎడిటర్లలో నల్ల డబ్బా వస్తుంది. బ్రౌజర్లోని కాన్వాస్ నుంచి జేపెగ్ తీసేటప్పుడు ఖాళీ చోట్ల కింద నలుపు పరచాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఉంది.

మూడో రకం ఇంకా వింతగా ఉంటుంది. తీసేసిన గోడ తిరిగొస్తుంది! కొన్ని ప్రోగ్రాములు కింద ఏదీ పరచవు, నాలుగో అంకెని ఊరికే పారేసి మిగిలిన మూడూ రాసేస్తాయి. పిక్సెల్ కనిపించకపోయినా దాని రంగు అంకెలు ఫైల్లో ఉండిపోయే అవకాశం ఉంది. కనిపించనివ్వకుండా ఆపుతున్నది ఆల్ఫా ఒక్కటే. దాన్ని పారేస్తే అడుగున ఉన్నది బయటపడుతుంది. అడుగున పాత ఫోటో రంగులు ఉంటే గోడ, కుర్చీలు మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. మూడు సున్నాలు ఉంటే నలుపు వస్తుంది. ఏదైనా కాగితం మీది ఖాతా నంబరు ఇరేజర్‌తో చెరిపి పంపేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ చెరిపే బదులు నల్ల రంగు పూసి, ఫ్లాటెన్ చేసి పంపడం మేలు.

జుట్టు అంచున ఒక్క పిక్సెల్

అమ్మాయి మొదట ఇంకో ఉపాయం ఆలోచించింది. "తెలుపే కదా చిన్నాన్నా, ఆ తెలుపుని మళ్ళీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేస్తే?" అంది. చాలామంది చేసేది అదే. చేసి చూస్తే డబ్బా పోతుంది గానీ, మనుషుల చుట్టూ సన్నని తెల్ల గీత మిగులుతుంది. ముదురు రంగు కార్డు మీద ఆ గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుకో ఒక్క పిక్సెల్ తీసుకుని లెక్క వేద్దాం.

జుట్టు అంచున, ఒక వెంట్రుక కొంతమేర ఆక్రమించిన పిక్సెల్ ఉందనుకోండి. వెంట్రుక రంగు ఎరుపు 40, ఆకుపచ్చ 30, నీలం 25. అంటే దాదాపు నలుపు. ఆల్ఫా 102, అంటే 255లో సరిగ్గా 40 శాతం. కింద ఏ రంగు పరిస్తే ఆ రంగు 60 శాతం కలుస్తుంది. సూత్రం ఇంతే:

```
కనిపించే రంగు = 0.4 × పై రంగు + 0.6 × కింది రంగు
```

కింద తెలుపు (255, 255, 255) పరిస్తే ఎరుపు 16 + 153 = 169. అలాగే ఆకుపచ్చ 165, నీలం 163 వస్తాయి. అది లేత బూడిద రంగు. అదే పిక్సెల్ కింద కార్డు మెరూన్ (110, 20, 35) ఉంటే 82, 24, 31 వస్తాయి. మెరూన్‌లో కలిసిపోయే ముదురు నీడ అది. కంటికి వెంట్రుకలాగే కనిపిస్తుంది.

జేపెగ్‌గా సేవ్ చేసిన క్షణంలో ఆ పిక్సెల్ 169, 165, 163గా మారిపోయింది. అందులో వెంట్రుక ఎంత, తెలుపు ఎంత అన్నది ఇక ఫైల్లో ఎక్కడా లేదు. పాలలో నీళ్ళు కలిపాక వేరు చేయలేం కదా, ఇదీ అంతే. తెలుపుని సెలెక్ట్ చేసి తీసేసినా ఈ లేత బూడిద పిక్సెల్ తెలుపు కాదు గనక మిగిలిపోతుంది. మెరూన్ మీద పెడితే తెల్ల గీతలా మెరుస్తుంది. జంటలో అమ్మాయి జడలో మల్లెపూలు, పైట అంచు దగ్గర పల్చటి బట్ట ఉన్నాయి. అలాంటి చోట్ల పాక్షిక ఆల్ఫా పిక్సెల్స్ మరీ ఎక్కువ, కాబట్టి అక్కడ గీత మరీ దట్టంగా కనిపిస్తుంది.

దీనికి తోడు ఇంకో తలనొప్పి. జేపెగ్ ఫోటోని 8×8 పిక్సెళ్ళ చదరాలుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని వివరాలు వదిలేసి సైజు తగ్గిస్తుంది. నల్ల జుట్టు పక్కన తెల్లని ఖాళీ లాంటి పదునైన అంచు ఉన్న చదరాల్లో చుట్టూ సన్నని నలుసులు పుడతాయి. అంటే మీరు తెలుపనుకునే చోట అంతా 255 ఉండదు. ఒకచోట 253, ఇంకోచోట 249, పక్కన 251. మ్యాజిక్ వాండ్‌తో తెలుపు పట్టుకుంటే ఈ నలుసులు కొన్ని తప్పించుకుని, కార్డు మీద చిన్న చుక్కల్లా పడతాయి. పట్టు వదులు చేసి అన్నీ పట్టుకుందామంటే పెళ్ళికొడుకు తెల్ల పంచె కూడా దాంతోపాటే పోతుంది. మా ఫోటోలో సరిగ్గా అదే జరిగింది. మోకాళ్ళ దగ్గర పంచె మాయమై కార్డు మెరూన్ కనిపించింది.

ఇక ఫైలు పేరు మార్చేవాళ్ళూ ఉన్నారు. `janta.jpg`ని `janta.png` అని రాస్తే పేరు మారుతుందే గానీ లోపలున్నది మారదు. జేపెగ్‌ని తెరిచి పీఎన్‌జీగా మళ్ళీ సేవ్ చేసినా అంతే, తెల్ల డబ్బా ఉన్న పీఎన్‌జీ వస్తుంది. నాలుగో అంకెకి చోటైతే దొరికింది, కానీ అందులో రాయడానికి సమాచారం ఏదీ?

మొదటి నుంచి చేద్దాం

కాబట్టి ఒరిజినల్ ఫోటో దగ్గరికే వెళ్ళాం. కెమెరా ఇచ్చిన ఫోటో జేపెగ్‌లోనే ఉన్నా ఫరవాలేదు. ఇంకా కత్తిరించలేదు కాబట్టి పోగొట్టుకునే ఖాళీ అందులో లేదు. నేను ఇక్కడ చెప్పేది గింప్‌లో, అది ఉచితం కాబట్టి. ఫోటోషాప్‌లో మెనూల పేర్లు వేరు, వరస అదే.

ముందుగా ఫోటో తెరవగానే `Layer > Transparency > Add Alpha Channel` నొక్కండి. జేపెగ్ నుంచి వచ్చిన పొరకి నాలుగో అంకె ఉండదు కాబట్టి మనమే చేర్చాలి. ఈ మాట బూడిద రంగులో, నొక్కడానికి వీల్లేకుండా ఉంటే ఆల్ఫా అప్పటికే ఉందన్నమాట. కొత్తవాళ్ళు ఎక్కువగా మరిచిపోయే మెట్టు ఇదే. ఇది చేయకుండా గోడని సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే గళ్ళు రావు, బ్యాక్‌గ్రౌండ్ రంగు నిండుతుంది. "నేను పీఎన్‌జీలోనే సేవ్ చేశాను, అయినా తెలుపు వచ్చింది" అని ఎవరైనా అంటే మొదట అడగాల్సిన ప్రశ్న, డిలీట్ కొట్టినప్పుడు గళ్ళు కనిపించాయా అని.

తర్వాత కత్తిరించడం. మనుషుల చుట్టూ పాత్స్ టూల్‌తో చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళి, మొదలుపెట్టిన చుక్క దగ్గర కలిపి, ఎంటర్ నొక్కితే సెలెక్షన్ అవుతుంది. భుజాలు, పంచె, చీర కుచ్చిళ్ళు లాంటి స్పష్టమైన అంచులకి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలీదు. గీత సరిగ్గా అంచు మీద కాకుండా ఒక పిక్సెల్ లోపలికి ఉండేలా గీయండి. బయటికి పోతే గోడ రంగు అంచుకి అంటుకుని వస్తుంది. ఆపైన `Select > Feather`లో 1 పిక్సెల్ ఇస్తే అంచు కత్తెరతో కోసినట్టు కాకుండా కాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తదనమే ఇందాక చెప్పుకున్న పాక్షిక ఆల్ఫా.

ఇప్పుడు డిలీట్ కొట్టకండి. దాని బదులు `Layer > Mask > Add Layer Mask` తెరిచి, అందులో `Selection` ఎంచుకోండి. గోడ కనిపించకుండా పోతుంది, గళ్ళు వస్తాయి, కానీ ఏదీ చెరిగిపోదు. మాస్క్ మీద తెల్ల బ్రష్ తిప్పితే పోయింది తిరిగొస్తుంది, నల్ల బ్రష్ తిప్పితే ఇంకాస్త పోతుంది. జుట్టు, మల్లెపూల దగ్గర చిన్న మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా సరిచేసుకోవచ్చు. ఒక్కొక్క వెంట్రుకనీ పట్టుకోవాలని చూడకండి. విడిగా ఎగిరే రెండు మూడు పోగులు వదిలేసినా కార్డు సైజులో ఎవరికీ తెలీదు.

అంచు బాగా వచ్చిందో లేదో గళ్ళ మీద తెలియదు. అందుకని కింద ఒక కొత్త పొర వేసి, దాన్ని కార్డు రంగు మెరూన్‌తో నింపి చూడండి. తెల్ల గీత ఏమన్నా ఉంటే ఇక్కడే బయటపడుతుంది. తర్వాత అదే పొరని తెలుపుతో నింపి చూడండి, నల్ల మరకలు ఉంటే అప్పుడు తెలుస్తాయి. చూడటం అయ్యాక ఆ పొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాచేయడం మరిచిపోకండి. దాచకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ రంగుతో సహా వెళ్తుంది. అప్పుడు పీఎన్‌జీలోనూ డబ్బా వస్తుంది.

సేవ్ చేయడం రెండు సార్లు జరగాలి. `Ctrl+S` నొక్కితే గింప్ తన సొంత ఫార్మాట్ `.xcf`లో దాచుతుంది. పొరలు, మాస్క్ అన్నీ అందులో ఉంటాయి. రేపు మల్లెపూల దగ్గర ఏదో సరిచేయాలన్నా ఇదే తెరవాలి. ఫోటోషాప్ వాళ్ళకి ఈ పని చేసేది `.psd`. ఆ తర్వాత `File > Export As` తెరిచి, పేరు `janta.png` అని రాయండి. పేరు చివర మీరు రాసే ఆ మూడక్షరాలని చూసే గింప్ ఏ ఫార్మాటో నిర్ణయించుకుంటుంది. `janta.jpg` అని రాస్తే మళ్ళీ మొదటికే వచ్చినట్టు.

తర్వాత వచ్చే డబ్బాలో `Save color values from transparent pixels` అనే మాట ఉంటుంది. దానికి టిక్ ఉంటే తీసేయండి. ఉంచితే గోడ రంగులు కనిపించకుండానే ఫైల్లో ఉండిపోతాయి, ఇందాక చెప్పిన గోడ తిరిగొచ్చే వింతకి దారి అదే. మిగతావి ఉన్నవి ఉన్నట్టు వదిలేసి ఎక్స్‌పోర్ట్ నొక్కండి.

నిజంగా ఖాళీగా ఉందా, చూసుకోవడం ఎలా?

ఫైలు తెరిచి చూడటం సరిపోదు. ఫోటోలు చూపించే కొన్ని యాప్‌లు ఖాళీ చోట నలుపు చూపిస్తాయి, కొన్ని తెలుపు చూపిస్తాయి. అది యాప్ వెనక రంగు, ఫైల్లో ఉన్నది కాదు. ఫోన్ డార్క్ మోడ్‌లో ఉంటే నలుపు కనిపించి, మంచి ఫైలునే పాడైందనుకుని మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళని చూశాను. దీనికి విరుద్ధంగా ఇంకో మోసం ఉంది. ఇంటర్నెట్‌లో వెతికి దించుకున్న దేవుడి బొమ్మలు, పూల దండలు కొన్నింట్లో గళ్ళు నిజంగానే బొమ్మలో గీసి ఉంటాయి. తెరిస్తే గళ్ళు కనిపిస్తాయి కాబట్టి వెనక ఖాళీ ఉందనుకుంటాం, తీరా కార్డు మీద పెడితే గళ్ళతో సహా వచ్చి కూర్చుంటాయి.

నమ్మకమైన పరీక్ష ఒక్కటే. పవర్‌పాయింట్‌లో గానీ లిబ్రెఆఫీస్‌లో గానీ ఒక ఖాళీ స్లైడ్‌కి ముదురు రంగు వేసి, దాని మీద మీ ఫైలు పెట్టండి. రంగు కనిపిస్తే ఖాళీ ఉంది. తెలుపు, నలుపు, గళ్ళు ఏవి కనిపించినా లేదు.

ఫైలు బాగానే ఉండి, దారిలో చెడిపోవడం కూడా మామూలే. అమ్మాయి సరైన పీఎన్‌జీ చేసి, ప్రింటింగ్ ప్రెస్ అతనికి వాట్సాప్‌లో పంపింది. అతను "అమ్మా, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉంది, పీఎన్‌జీ పంపండి" అని మెసేజ్ పెట్టాడు. ఇద్దరిదీ తప్పు కాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించడానికి అది జేపెగ్‌గా మారిపోతుంది, నాలుగో అంకె దారిలోనే పోతుంది. అదే ఫైలుని అటాచ్ గుర్తు నొక్కి `Document` ద్వారా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ఈమెయిల్లో అటాచ్ చేసినా, డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇచ్చినా అంతే.

ఏ ఫార్మాట్ ఎప్పుడు?

కొత్తగా నేర్చుకునేవాళ్ళు పీఎన్‌జీ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నూటికి తొంభై పనులు గడిచిపోతాయని నా అభిప్రాయం. 1996లో వచ్చిన ఈ ఫార్మాట్‌లో ఆల్ఫాకి పూర్తి 256 మెట్లు ఉంటాయి కాబట్టి జుట్టు అంచు, పల్చటి పైట, నీడ అన్నీ సరిగ్గా నిలుస్తాయి. ఎన్నిసార్లు తెరిచి సేవ్ చేసినా ఒక్క పిక్సెల్ కూడా మారదు. దీని ఇబ్బంది సైజు. ఫోటోలాంటి బొమ్మ అయితే జేపెగ్ కన్నా చాలా రెట్లు పెద్దదవుతుంది. 2000×3000 పిక్సెళ్ళ కటౌట్ ఉంటే, పిక్సెల్‌కి నాలుగు అంకెల చొప్పున 2 కోట్ల 40 లక్షల అంకెలు దాచాలి. పీఎన్‌జీ వాటిని కుదిస్తుంది గానీ ఏదీ వదిలేయదు. అందుకే ఫైలు కొన్ని ఎంబీలు తూగుతుంది. ఇంకో హద్దు కూడా ఉంది: పీఎన్‌జీలో ముద్రణకి వాడే సీఎంవైకే రంగులు ఉండవు. ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్ళు ఆ రంగుల్లోనే కటౌట్ కావాలంటే టిఫ్ గానీ పీఎస్‌డీ గానీ ఇవ్వాలి. ఆ రెండూ ఆల్ఫాని నిలుపుతాయి.

వెబ్‌సైట్‌లో పెట్టే కటౌట్ అయితే వెబ్‌పీ మంచిది. గూగుల్ 2010లో తెచ్చిన ఈ ఫార్మాట్ జేపెగ్‌లాగా కొంత వివరం వదిలేసి సైజు తగ్గిస్తూనే ఆల్ఫాని కూడా ఉంచగలదు. వాట్సాప్ స్టికర్లు ఈ ఫార్మాట్‌లోనే ఉంటాయి: 512×512 పిక్సెల్స్, కదలని స్టికర్ అయితే 100 కేబీ లోపు. స్టికర్ వెనక చాట్ రంగు కనిపించడం ఆ ఆల్ఫా వల్లే. అయితే ప్రెస్సుల్లో, ఫ్లెక్స్ షాపుల్లో ఉండే పాత సాఫ్ట్‌వేర్ చాలావరకు వెబ్‌పీని తెరవలేదు. అక్కడికి పీఎన్‌జీయే తీసుకెళ్ళండి. ఏవీఐఎఫ్ కూడా ఆల్ఫాని ఉంచుతుంది, సైజు ఇంకా తగ్గుతుంది, కానీ దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఇంకా తక్కువ.

జిఫ్ గురించి ఒక జాగ్రత్త. 1989 నాటి జిఫ్ రూపంలో ఖాళీ ఉంది గానీ, అది ఉంటే ఉంది లేకపోతే లేదు అన్నట్టే. సగం కనిపించడం అన్నది అందులో లేదు. పైగా మొత్తం 256 రంగులే. మా వెంట్రుక పిక్సెల్ లాంటిది జిఫ్‌లోకి వెళ్తే పూర్తిగా మాయమవ్వాలి, లేదా పూర్తిగా నిలబడాలి. అందుకే అంచులు రంపపు పళ్ళలా వస్తాయి. ఫోటో కటౌట్‌కి ఇది పనికిరాదు. ఇక లోగోలు, అక్షరాలు గీతలతో గీసినవైతే ఎస్‌వీజీ వాడొచ్చు. అందులో పిక్సెల్సే ఉండవు, గీసినచోట గీత ఉంటుంది, మిగతాదంతా ఖాళీయే.

జేపెగ్ తప్పనప్పుడు

కొన్ని చోట్ల జేపెగ్ మాత్రమే తీసుకుంటామంటారు. అలాంటప్పుడు ఖాళీని ఏ రంగుతో నింపాలో సాఫ్ట్‌వేర్‌కి వదలకుండా మీరే నిర్ణయించండి. కటౌట్‌ని అసలు కార్డు మీద పెట్టి, లతలు, అక్షరాలు అన్నీ చేర్చి, పూర్తయిన కార్డుని జేపెగ్‌గా తీస్తే ఏ ఇబ్బందీ లేదు. అందులో ఖాళీ అంటూ మిగల్లేదు కదా. కటౌట్ ఒక్కటే ఒక రంగు మీద కావాలంటే, ఇమేజ్‌మ్యాజిక్ ఉన్నవాళ్ళకి ఈ ఒక్క వరుస చాలు:

```
magick janta.png -background "#6E1423" -flatten janta-maroon.jpg
```

`#6E1423` అన్నది మా కార్డు మెరూనే, 110, 20, 35ని రాసే ఇంకో పద్ధతి. ఈ వరుసలో `-flatten` అన్న మాటే కటౌట్ కింద ఆ రంగుని పరిచేది. జుట్టు అంచుల్లో కూడా తెలుపు బదులు మెరూనే కలుస్తుంది. వచ్చిన జేపెగ్‌ని అదే మెరూన్ కార్డు మీద పెడితే అంచుల్లో తెల్ల గీత ఉండదు. ఇంకో రంగు కార్డు మీద పెడితే మాత్రం మెరూన్ డబ్బా కనిపిస్తుంది.

ఒరిజినల్ పోయి, తెల్ల డబ్బా ఉన్న జేపెగ్ ఒక్కటే మిగిలితే? అది తెల్ల కాగితం మీద నల్ల సిరాతో చేసిన సంతకమో, ఒకే రంగు లోగోనో అయితే గింప్‌లో `Colors > Color to Alpha` అద్భుతంగా పనిచేస్తుంది. తెలుపుని ఎంచుకుంటే, ప్రతి పిక్సెల్‌లో తెలుపు ఎంత కలిసిందో లెక్కకట్టి అంత మేరకు ఆల్ఫా తగ్గిస్తుంది, మిగిలిన రంగుని సిరా రంగుగా ఉంచుతుంది. ఇందాక చేసిన లెక్కని వెనక్కి చేయడమే ఇది. బొమ్మలో ఉన్నది ఒకటే సిరా అయినప్పుడు ఆ లెక్క బాగా కుదురుతుంది. ఫోటోకి మాత్రం వాడకండి. పంచె, మల్లెపూలు, కంటి తెలుపు, మెడలో నగల మెరుపు, తెలుపు కలిసిన ప్రతిదీ అద్దంలా పల్చబడిపోతుంది. ఫోటో అయితే మళ్ళీ పాత్స్ టూల్‌తో కత్తిరించడమే దారి. ఈసారి సెలెక్షన్ అయ్యాక `Select > Shrink`లో 1 లేదా 2 పిక్సెల్స్ ఇచ్చి లోపలికి జరపండి. తెలుపు కలిసిన అంచు పిక్సెల్స్ బయట మిగిలిపోతాయి. విడి వెంట్రుకలు పోతాయి, జుట్టు కాస్త నున్నగా కనిపిస్తుంది, గీత మాత్రం ఉండదు.

మా కార్డుకి అంత అవసరం రాలేదు, కెమెరా ఫోటో దొరికింది కాబట్టి. అమ్మాయి రెండోసారి కత్తిరించిన `janta.png`ని డాక్యుమెంట్‌గా పంపింది. అరగంటలో ప్రెస్ అతను ప్రూఫ్ ఫోటో పెట్టాడు. మెరూన్ మీద జంట, జడలో మల్లెపూలు, పూల మధ్య సందుల్లోంచి కార్డు రంగు.